ఆ 2 లక్షలు నిజంగా మిగిలాయా?

ప్రశ్న: 30 లక్షల బడ్జెట్‌తో, 10 నెలల్లో అయ్యేలా ఇల్లు కడుతున్నాం. ఎస్టిమేట్‌లో బేస్‌మెంట్‌కు 5, పిల్లర్లు, స్లాబుకు 9, గోడలకు 4 లక్షలు. ఐదో నెలాఖరుకు ఈ మూడూ అయిపోవాలి. స్లాబు దాకా అయింది, గోడలు పావు వంతు లేచాయి. ఇప్పటికి 16 లక్షలే ఖర్చయింది. 2 లక్షలు మిగిలాయి కాబట్టి హాల్లో గ్రానైట్ వేయిద్దామంటున్నాడు మేస్త్రీ. వేయించమంటారా?

జవాబు: గ్రానైట్ సంగతి ప్రస్తుతానికి ఆపండి.

మేస్త్రీ 18నీ 16నీ పక్కపక్కన పెట్టి చూశాడు. 18 లక్షలు ఈపాటికి అయిపోవాల్సిన పని విలువ, అంటే ప్లాన్డ్ వాల్యూ. 16 లక్షలు అయిన ఖర్చు, యాక్చువల్ కాస్ట్. అసలు ఎంత పని అయిందన్నది ఈ రెండింటిలోనూ లేదు. దాన్ని చెప్పేది ఎర్న్డ్ వాల్యూ: పూర్తయిన పనికి ఎస్టిమేట్‌లో ఎంత రాసుకున్నామో ఆ మొత్తం. మీకు బేస్‌మెంట్ 5, స్లాబు 9, పావు వంతు గోడలకు 1, కలిపి 15 లక్షలు.

ఇప్పుడు చూడండి. 18 లక్షల పని కావాల్సిన చోట 15 లక్షల పనే అయింది, అంటే 3 లక్షల పని వెనకబడింది. ఆ 15 లక్షల పనికి 16 ఖర్చయ్యాయి, అంటే లక్ష ఎక్కువైంది. మిగిలినట్టు కనిపిస్తున్న 2 లక్షలు ఇంకా కట్టని గోడల డబ్బే.

ఇదే తీరున సాగితే 30 లక్షల పనికి 32 లక్షలవుతుంది. ఆ అదనపు లక్ష ఎందుకయిందో మీ ఇంజనీరును అడగండి. నల్లరేగడి నేల కాబట్టి పునాది లోతుగా తవ్వినందుకైతే అది మళ్లీ రాదు, 31తో బయటపడతారు. కూలి రేట్లో, సిమెంటు రేట్లో పెరిగినందుకైతే 32కే సిద్ధపడాలి.

ఈ లెక్క తప్పేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, ‘పావు వంతు’ అన్న మాట. మేస్త్రీ నోటిమాట కాకుండా టేపుతో గోడలు కొలిపించండి. సైటులో పేర్చిన ఇటుకలు గోడ కిందికి రావు. రెండోది, అరువు. గోడకు పెట్టేసిన ఇటుకల డబ్బు బట్టీవాళ్లకు ఇంకా ఇవ్వకపోయినా అది ఖర్చే. తలుపుల కోసం వడ్రంగికిచ్చిన అడ్వాన్సు మాత్రం, అతను పని మొదలెట్టేదాకా, ఈ 16 లక్షల్లో కలపకండి.

ఇటుకలు, ఇనుము అరువు లెక్క మీ ప్రశ్నలో లేదు. ఇప్పటిదాకా అయిన పనిలో వాడిన సరుకుకు ఇంకో లక్ష బాకీ ఉందనుకోండి, అసలు ఖర్చు 17 లక్షలు. ఆ తీరున ఇల్లు పూర్తయ్యేసరికి 34 లక్షలు తేలుతుంది.