దొంగతనం రిపోర్టులో చూసింది వేరు, అనుకున్నది వేరు

"అన్నా, నెల్లూరులో సెల్‌ఫోన్ల షాపుకి నైట్ డ్యూటీ. 'దొంగలు వెనక కిటికీలోంచి వచ్చి 12 ఫోన్లు తీసుకెళ్లారు' అని రాస్తే సూపర్‌వైజర్ రిపోర్టు వెనక్కిచ్చాడు. ఎలా రాయాలి?"

తమ్ముడూ, వాళ్లు రావడం నువ్వు చూశావా? లేదు కదా, చిక్కంతా ఆ వాక్యంతోనే. "2:40 రౌండ్‌లో వెనక కిటికీ ఊచలు రెండు వంగి ఉన్నాయి, గాజు ముక్కలు ఎక్కువగా లోపలివైపు పడ్డాయి, గట్టు మీద మట్టి అడుగు ఉంది" అని రాయి (టైములు నీవి పెట్టుకో). షట్టర్ తాళాలు, మేడ మెట్ల తలుపు బాగానే ఉంటే అదీ రాయాలి. లేకపోతే ఆ వైపు చూడనే లేదంటారు. 1:30 రౌండ్‌లో కిటికీ బాగుందని చూసుంటే, దొంగతనం ఆ 70 నిమిషాల్లోనే జరిగిందని తేలుతుంది. రౌండ్ వేయకపోతే మాత్రం వేసినట్టు రాయకు, కెమెరాలో దొరికిపోతావు.

12 ఫోన్ల లెక్క నీది కాదు. "ఓనరు 3:25కి వచ్చి చూసి చెప్పిన ప్రకారం" అని మొదలుపెట్టు. స్టాకు పుస్తకం తీశాక ఆ లెక్క మారొచ్చు. ఐఎంఈఐ నంబర్లు బిల్లులు చూసి ఆయనే పోలీసులకిస్తాడు.

తర్వాత నువ్వు చేసినవి: 2:43కి 112కి ఫోన్, 2:46కి ఓనరుకి, పోలీసులు వచ్చేదాకా లోపలికి వెళ్లలేదు. కిటికీ రెక్క ముట్టుకుని ఉంటే దాచకు, వేలిముద్రల్లో నీదీ వస్తుంది. సీసీ కెమెరా గడియారానికీ నీ ఫోన్ టైంకీ ఎంత తేడా ఉందో కూడా ఒక లైను రాయి. నేను చేసిన ఒక షాపులో అది 11 నిమిషాలు ముందుండి, రౌండ్ ఎగ్గొట్టానని మాటపడ్డాను.