గంటకు ఇంతని అడగాలా, మిల్లుకు మిగిలేదాన్ని బట్టి అడగాలా?

ప్రశ్న: బీకాం అయ్యాక నల్లగొండలో ఇంటి దగ్గర నుంచే ఎక్సెల్ పని చేస్తున్నాను. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు ఉద్దెర బాకీల షీటు 40 గంటల్లో చేసి, గంటకు 200 లెక్కన 8,000 తీసుకున్న. ఇప్పుడు అంతకంటే పెద్ద మిల్లాయన అదే షీటు కావాలంటున్నడు. నాకిప్పుడు 15 గంటలు చాలు. అంటే 3,000 అడగాలా? ఎక్కువ అడిగితే బేరం పోతదని అమ్మ అంటోంది.

జవాబు: మూడు వేలకు మాత్రం ఇవ్వకండి. పని నేర్చుకున్నకొద్దీ ధర తగ్గిపోవడం గంటల లెక్కలో ఉన్న లోపమే. ఆ లెక్కలో మీ చెయ్యి వాటం వల్ల మిగిలే డబ్బంతా మిల్లుకే పోతుంది.

అలాగని ఖర్చు లెక్క దండగ కాదు. ఎంతకు దిగకూడదో చెప్పేది అదే. ఇంటికి, నెట్‌కు, బస్సు చార్జీలకు కలిపి నెలకు 25,000 కావాలనుకోండి. దాన్ని నెలలో కూర్చునే 200 గంటలతో భాగిస్తే గంటకు 125 వస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మాట్లాడటానికి తిరగడం, బాకీకి ఫోన్లు చేయడం, పని లేని రోజులు పోను, డబ్బు వచ్చే గంటలు సగమే. 100తో భాగిస్తే 250. షీటుకు 15 గంటలు, ప్రయాణాలకు, గుమస్తాకు నేర్పడానికి మరో 15 వేసుకుంటే 7,500. దాని మీద ఇరవై శాతం లాభం కలిపితే 9,000. కాస్ట్ ప్లస్ ధర ఇదే. మీకు అది నేల. అంతకు తక్కువైతే ఒప్పుకోవద్దు.

పైకి ఎంత అడగొచ్చో మిల్లు లెక్కల్లో దొరుకుతుంది. ధర చెప్పే ముందు ఓనర్‌ను మూడు అడగండి: నెలకు ఉద్దెర మీద ఎంత సరుకు పోతది, పైసలు ఎన్ని రోజులకు వస్తయి, మీరు తెచ్చే డబ్బుకు వడ్డీ ఎంత? ప్రభుత్వానికి ఆడించి ఇచ్చే బియ్యాన్ని ఈ లెక్కలో కలపొద్దు. వ్యాపారులకు అరువు మీద పోయే బియ్యం, తవుడు, నూకలదే చూడండి.

నెలకు 40 లక్షల ఉద్దెర, నూటికి రూపాయి వడ్డీ అన్నాడనుకోండి. వసూలు 15 రోజులు ముందుకు జరిగితే సగం నెల అమ్మకం, అంటే 20 లక్షలు, ఎప్పుడూ బయట ఇరుక్కోకుండా ఉంటుంది. దాని వడ్డీ నెలకు 20,000. కానీ షీటు ఉన్నంత మాత్రాన బాకీదారు ఉరికొచ్చి కట్టడు. కాబట్టి సగమే నమ్మి, 10,000 అనుకోండి. ఈ మాట మీరు అనడం కంటే, ఓనర్ తన నోటితో అనేలా ఆయన క్యాలిక్యులేటర్ మీదే వేయించడం మేలు.

ఈ లాభమంతా ఒక్క గడిలో ఉంటుంది. B లో బిల్లు తేదీ, C లో బిల్లు మొత్తం, D లో వచ్చిన సొమ్ము ఉంటే:

```
=IF(D2>=C2,0,TODAY()-B2)
```

బాకీ ఎన్ని రోజులైందో రోజూ కనిపిస్తుంది. 30 దాటినవి ఎర్రబడేలా పెట్టి, అదే ఆయనకు ముందు చూపించండి.

రెండు నెలల పైచిల్లర లాభంతో మీ ఫీజు తీరిపోవాలి. అది 24,000 దగ్గర తేలుతుంది. ఒకటే ధర చెప్పకుండా, ఒట్టి షీటైతే 12,000, గుమస్తాకు నేర్పి నెల రోజులు వెంట ఉంటే 24,000 అనండి. అప్పుడు బేరం ‘తగ్గించు’ నుంచి ‘ఏది కావాలి’ మీదికి మళ్లుతుంది. అమ్మ భయపడే చోట కూడా మీకు 12,000 మిగులుతుంది, అది నేల కంటే పైనే.

సగం అడ్వాన్సు, సగం షీటు అప్పజెప్పిన రోజు. ‘వసూలు పెరిగాక ఇస్తా’ అంటే ఒప్పుకోవద్దు. గుమస్తా నెల రోజులు ఎంట్రీలు వేయకపోతే లాభం రాదు, తప్పు మీ మీద పడుతుంది. మార్పులు రెండు సార్లకే అని కాగితం మీద రాయండి.

మొదటి మిల్లు ధర దాగదు, ఆ ఊళ్లో మిల్లర్లు ఒకరికొకరు ఎరుకే. అడిగితే దాచకుండా, అది ఒట్టి షీటని, మొదటి పని గనక తక్కువకు చేశానని చెప్పండి. మొదటాయనకు నేర్పే పని వేరే ధరకు చేసి పెడతానని ముందే ఒక మాట వేయండి.

ఇదే షీటు కిరాణా కొట్టుకైతే ఈ లెక్క నిలవదు. నెలకు లక్ష ఉద్దెరకు, 15 రోజులు ముందు వచ్చినా మిగిలే వడ్డీ 500. అక్కడ తయారుగా ఉన్న షీటునే వెయ్యికో, పదిహేను వందలకో ఇచ్చి వదిలేయండి, ప్రత్యేకంగా చేయొద్దు. ఊళ్లో పదిమంది ఒకే ధరకు చేసే డేటా ఎంట్రీలాంటి వాటికీ బజారు రేటే. ఓనర్ అంకెలు చెప్పనంటే మీ దగ్గర ఉన్నది ఖర్చు లెక్కే, 9,000 మీద బేరం ఆడుకోవాలి. ఒక్కటి చూసుకోండి, వడ్ల లారీలు గేటు ముందు బారులు తీరిన వారంలో ఆ మూడు ప్రశ్నలు అడగడానికి పోకండి. కోతల రద్దీ తగ్గాక, పొద్దున ఓనర్ ఖాతా పుస్తకం ముందేసుకుని కూర్చునే వేళ పొండి.