మీ తాతగారి కాగితం మీది సంతకం

చిరంజీవికి ఆశీస్సులు.

పోయిన ఆదివారం నువ్వు నా బల్ల మీద ఉంచి వెళ్ళిన కాగితాన్ని నాలుగు రోజులుగా చూస్తున్నాను. నోటుపుస్తకంలోంచి చింపిన ఒక పుట, దానికి అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి మడతలు, మధ్యలో ఇంగ్లీషులో ఎం.కె. గాంధీ అని సంతకం, వెనక పెన్సిలుతో ‘డిసెంబరు 1933, అయిదు రూపాయలు’ అని మీ తాతగారి రాత. వ్యాసానికి మొదటి వాక్యం కూడా సిద్ధం చేసుకున్నానన్నావు: ‘గాంధీజీ స్వయంగా మా తాతకు సంతకం చేసి ఇచ్చారు.’ ఆ వాక్యాన్ని అప్పుడే అచ్చుకు పంపవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

కథ నమ్మదగినదే. 1933 నవంబరులో వార్ధాలో మొదలుపెట్టిన హరిజన యాత్రలో భాగంగా గాంధీజీ డిసెంబరులో ఆంధ్ర జిల్లాల్లో తిరిగారు. హరిజన నిధి కోసం ఒక్కో సంతకానికి అయిదు రూపాయలు తీసుకునేవారు. అయితే ఇదంతా పుస్తకాల్లో ఉన్న సంగతే. నిజమైన సంతకం ఉన్నవాడికి ఎంత తెలుసో, దొంగ సంతకం పెట్టేవాడికీ అంతే తెలుసు. అందుకని కథను కాసేపు పక్కనపెట్టి కాగితాన్నే చూశాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక నాయకుడి సంతకం ఉన్న ఫొటో గురించి పత్రికలో పేజీ నిండా రాశాను. తరవాతెప్పుడో పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూస్తే ఆ సంతకం గీతల్లో సిరా లేదు, సన్నని చుక్కలు ఉన్నాయి. అది ఫొటోతోపాటే అచ్చైన సంతకం. చదివినవాళ్ళు నన్ను నమ్మారు కదా అని ఇప్పటికీ బాధపడతాను. నీ కాగితాన్ని చేతికి తీసుకోగానే మొదట చూసింది అదే. చుక్కలు లేవు. సిరా కాగితం పోగుల్లోకి ఇంకి ఉంది. కలంతో రాసిందే.

ఎవరి కలంతో అన్నది తరవాతి ప్రశ్న. ఇక్కడ అక్షరాల ఆకారం దగ్గర ఆగిపోవద్దు. ఆకారాన్ని కాపీ చేయడం కష్టమేమీ కాదు. కాపీ చేయలేనిది చేతి వేగం. అలవాటైన సంతకం పెట్టే చెయ్యి కాగితాన్ని తాకకముందే కదలడం మొదలవుతుంది, కాగితాన్ని వదిలాక కూడా ఇంకా కదులుతూనే ఉంటుంది. అందుకే గీత మొదలూ చివరా సూదిమొనలా సన్నబడతాయి. చూసి గీసేవాడు పాళీని ఆనించి, ఒక క్షణం ఆగి, అప్పుడు కదుపుతాడు. అక్కడ సిరా చిన్న బొట్టులా చేరుతుంది. మధ్యలో నమూనా వైపు చూడటానికి ఆగిన చోట కూడా అలాగే బొట్టు పడుతుంది. గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంలో సాగుతుంది. వణుకు ఉంటే అది వంపుల దగ్గరే కనిపిస్తుంది. వృద్ధాప్యపు వణుకు అలా చోటు చూసుకుని రాదు, గీతంతా పరుచుకుని ఉంటుంది.

పాళీ కలానికి ఇంకొక గుణం ఉంది. పాళీ మధ్యలో చీలిక ఉంటుంది కదా, చెయ్యి కిందికి లాగేటప్పుడు ఒత్తిడికి అది విచ్చుకుంటుంది. గీత లావవుతుంది. రెండు అంచుల్లోనూ సన్నని గాళ్ళు పడి, సిరా అక్కడ చిక్కగా దిగుతుంది. పైకి నెట్టేటప్పుడు ఒత్తిడి తగ్గి గీత సన్నబడుతుంది. గదిలో దీపం ఆర్పి, టార్చిని కాగితం పక్కన దాదాపు పడుకోబెట్టినట్టు ఉంచి వెలుతురు ఏటవాలుగా పడేలా చూడు. ఆ గాళ్ళు నీడలతో సహా కనిపిస్తాయి. నీ కాగితంలో డి, హెచ్ అక్షరాల నిలువు గీతలకు జంట గాళ్ళు స్పష్టంగా ఉన్నాయి, పైకి వెళ్ళే గీతలకు లేవు. బాల్ పెన్ను అయితే ఒకే గుండ్రటి గాడి పడేది. బాల్ పెన్నులు అంగడికొచ్చింది 1945 ప్రాంతంలో కాబట్టి, అలాంటి గాడి కనిపించి ఉంటే ఈ ఉత్తరం ఇక్కడితో ముగిసేది. అదే వెలుతురులో సిరా గీత పక్కన ఇంకో గాడిగానీ, పెన్సిలు జాడగానీ ఉందేమో చూశాను. కింద నమూనా పెట్టి దిద్దినవాళ్ళు వదిలే గుర్తు అది. అదీ లేదు.

ఇక సిరా. మన ఇళ్ళలో ఒకప్పుడు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసుకునేవాళ్ళు. కరక్కాయలోని వగరు, అన్నభేదిలోని ఇనుము కలిసి గాలి తగిలిన కొద్దీ నల్లబడతాయి. రాసేటప్పుడు వెలిసినట్టుండి ఆ తరవాత నల్లబడే సిరా కాబట్టి, సీసాల్లో అమ్మేవాళ్ళు అప్పటికప్పుడు కనిపించడానికి నీలిరంగు కలిపేవారు. బ్లూ బ్లాక్ అన్న పేరు అలా వచ్చింది. దశాబ్దాలు గడిచేసరికి ఆ నీలం వెలిసిపోయి, ఇనుము మిగిలి గోధుమరంగు తేలుతుంది. నీ కాగితంలో సిరా చిక్కగా ఉన్న చోట నలుపు, పలచగా ఉన్న చోట గోధుమ. పాత సిరా ఉండాల్సినట్టే ఉంది. కానీ వేడితోనూ మందులతోనూ ఇదే రంగు తెప్పించవచ్చు. కాబట్టి సిరా రంగును బట్టి కాదనగలమేగానీ, ఔనని చెప్పలేం.

కాగితం సంగతీ అంతే. అతినీలలోహిత కిరణాల టార్చి కొనుక్కో, 365 నానోమీటర్లది, పెద్ద ఖరీదు కాదు. 1950 ప్రాంతం నుంచి కాగితం తెల్లగా మెరవడానికి ఒక రసాయనం కలపడం మొదలైంది. ఆ రసాయనం ఉన్న కాగితం ఈ టార్చి కింద నీలంగా వెలుగుతుంది. మన పుట వెలగలేదు. పక్కనే మా ఇంటి 1920ల నాటి జమాఖర్చు పుస్తకం పుటనూ, నిన్న కొన్న నోటుపుస్తకం పుటనూ పెట్టి చూశాను. మన పుట పాతదానితోనే కలిసింది. ఒక మూల మాత్రం చిన్న మచ్చలా వెలిగింది. కంగారు పడకు, సబ్బుతో ఉతికిన గుడ్డ తగిలినా ఆ రసాయనం అంటుకుంటుంది. కాగితం పాతది అయి ఉండవచ్చని మాత్రం చెప్పవచ్చు. సంతకం పాతదని దాన్నిబట్టి చెప్పలేం. అమెరికాలో మార్క్ హాఫ్‌మన్ 1980లలో పాత గ్రంథాల్లోని ఖాళీ పుటలు చింపి, వాటి మీదే దొంగ పత్రాలు రాశాడు.

నన్ను ఆపింది మడత. అడ్డంగా ఉన్న మడత డి, హెచ్ నిలువు గీతల మీదుగానే వెళుతోంది. సిరా పాకకుండా కాగితానికి పట్టించే జిగురు మడత పెట్టిన చోట విరుగుతుంది. ముందు సంతకం పెట్టి తరవాత మడిస్తే ఆరిన సిరా అక్కడ పగిలి రాలుతుంది, గీతలో తెల్లని తెగు కనిపిస్తుంది. మడిచిన కాగితం మీద సంతకం పెడితే తడి సిరా ఆ విరిగిన పోగుల్లోకి దిగి వేళ్ళలా పాకుతుంది. నీ కాగితంలో రెండు గీతల దగ్గరా సిరా పాకింది. అంటే మడత ముందు, సంతకం తరవాత. ఇంతమాత్రాన దొంగదని కాదు. జేబులో మడిచి పెట్టుకున్న కాగితాన్ని జనంలో నిలబడి తీసి ఇచ్చి ఉండవచ్చు. ఎన్నో ఏళ్ళు పెట్టెలో మడిచి ఉన్న ఖాళీ పుట మీద ఎవరో తరవాత రాసి కూడా ఉండవచ్చు. రెండింటికీ మడత ఒకేలా ఉంటుంది.

ఇక పోల్చి చూడటం. నువ్వు ఇంటర్నెట్‌లో దొరికిన ఒక సంతకంతో పోల్చి ‘అచ్చం అలాగే ఉంది’ అన్నావు. అచ్చం అలాగే ఉంటే అనుమానించాలి. ఒకే మనిషి పెట్టిన రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే అతికినట్టు సరిపోవు. నీకు కావలసింది ఒక్క నమూనా కాదు, అదే కాలానివి పదీ పన్నెండు. బల్ల ముందు కూర్చుని పెట్టినవీ, జనంలో పెట్టినవీ రెండూ ఉండాలి. అప్పుడే ఆ చెయ్యి ఎంత మారుతుందో, ఏది మారదో తెలుస్తుంది. గాంధీజీ విషయంలో ఇది ఇంకా ముఖ్యం, ఆయన రెండు చేతులతోనూ రాసేవారు. 1909లో ఓడలో ‘హింద్ స్వరాజ్’ రాస్తూ కుడిచెయ్యి అలిసిపోతే ఎడమచేత్తో రాశారు. 275 పుటల రాతప్రతిలో 40 పుటలు ఎడమచేతివే. పుస్తకాల్లో అచ్చైన నమూనాలు ఆకారాన్ని చూపిస్తాయిగానీ ఒత్తిడిని చూపించలేవు. అందుకే అసలు ఉత్తరాలు భద్రపరిచిన సబర్మతి ఆశ్రమం లాంటి చోట వాటిని కళ్ళారా చూడాలి.

ఆ నమూనాలు ఎక్కడివో కూడా అడగాలి. జర్మనీలో 1983 ఏప్రిల్‌లో స్టెర్న్ పత్రిక హిట్లర్ డైరీలు దొరికాయని ప్రకటించింది. అంతకుముందే చేతిరాత నిపుణులకు చూపించింది, వాళ్ళు ఒకే చేతిరాత అన్నారు. వాళ్ళు పరీక్షలో తప్పు చేయలేదు. పోల్చడానికి వాళ్ళకిచ్చిన హిట్లర్ రాతల్లోనే కొన్ని కోన్రాడ్ కుయావ్ సృష్టించినవి, డైరీలు రాసింది కూడా అతనే. ఒక దొంగరాతను ఇంకో దొంగరాతతో పోల్చి, కలిసిందన్నారు. చివరికి బయటపెట్టింది కాగితం. ఇందాక చెప్పిన మెరుపు రసాయనం అందులో ఉంది. మే 6న జర్మన్ ప్రభుత్వ ఆర్కైవ్స్ అవి నకిలీవని ప్రకటించింది. పాతవిగా కనిపించడానికి కుయావ్ ఆ పుటల మీద తేనీరు కూడా పోశాడు. నీకు ఆ నమూనా ఇచ్చింది ఒక అమ్మకాల సైటు. అదెవరి దగ్గర నుంచి వచ్చిందో అందులో రాయలేదు. దాన్ని తీసెయ్యి.

ప్రస్తుతానికి నేను చెప్పగలిగింది ఇది: కలం, ఒత్తిడి, సిరా, కాగితం వీటిలో దేనిలోనూ 1933కు వ్యతిరేకమైన ఆధారం కనపడలేదు. మడతకు సంజాయిషీ కావాలి. పోలిక ఇంకా జరగలేదు. వ్యాసం ఇప్పుడే రాయాలనుకుంటే మొదటి వాక్యం ఇలా మార్చు: ‘1933 డిసెంబరులో గాంధీజీ సంతకం చేశారని మా ఇంట్లో చెప్పుకునే కాగితం ఒకటి మా తాత పెట్టెలో ఉండేది.’ పరీక్షలో ఏం చూశామో, ఏం చూడలేదో రెండో పేరాలోనే చెప్పు. మడత సంగతి దాచవద్దు.

కాగితాన్ని రెండు అట్టల మధ్య పెట్టి ఉంచాను, నువ్వు వచ్చి తీసుకెళ్ళు. దాన్ని తడపవద్దు, ప్లాస్టిక్ పూత వేయించవద్దు, మడతలు ఇస్త్రీ చేయవద్దు. వచ్చేటప్పుడు రెండు పనులు చేసుకురా. మీ తాతగారు పెన్సిలుతో రాసిన వేరే కాగితాలు, ఆ ఏళ్ళవి ఏవైనా ఇంట్లో ఉంటే తీసుకురా. వెనకవైపు రాత ఆయనదేనా అన్నది కూడా మనం ఇంకా చూడలేదు. మీ మేనత్తను అడుగు: ఆమె చిన్నతనంలో ఆ కాగితం మడిచి ఉండేదా, పటం కట్టి గోడకు ఉండేదా? సంతకం గురించి ముందే ఏమీ చెప్పకుండా అడుగు, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకో.

ఉంటాను.