సగం థయోల్ ఎక్కడికి పోయింది?

ప్రశ్న: బెంగళూరులో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తిచేశాను. ప్రాజెక్టులో ఎల్మన్ రీఏజెంట్‌తో బీఎస్‌ఏ ప్రోటీన్‌లో ఫ్రీ థయోల్ కొలిస్తే అణువుకు 0.53 వచ్చింది. జిగని దగ్గర ఓ బయోలాజిక్స్ కంపెనీ ఇంటర్వ్యూలో "ఒకటి రావాలి కదా, మిగతా సగం ఏమైంది?" అన్నారు. నోట మాట రాలేదు. వచ్చే వారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఏం చెప్పాలి సార్?

జవాబు: మీ అంకె తప్పని ముందే ఒప్పేసుకోకండి. బీఎస్‌ఏలో సిస్టీన్లు 35. వాటిలో 34 జతకట్టి 17 డైసల్ఫైడ్ బంధాలవుతాయి. ఫ్రీ థయోల్ మిగిలేది 34వ స్థానంలోని సిస్టీన్‌కు ఒక్కదానికే. బజారులో దొరికే బీఎస్‌ఏలో చాలా అణువులకు ఆ ఒక్కదాన్నీ చిన్న సిస్టీన్ గానీ గ్లూటాథయోన్ గానీ పట్టుకుని ఉంటుంది. అందుకే ఒకటికి తక్కువ రావడం మామూలే. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కావలసింది ఇది కాదు. ఆ లోటు ప్రోటీన్‌దా, మీ కొలతదా అన్నది మీరెలా తేలుస్తారో చూస్తారు.

లెక్క కాగితం మీద వేసి చూపించండి. 1 మిల్లీమోలార్ ఈడీటీఏ కలిపిన 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 8.0, 880 మైక్రోలీటర్లు. అందులో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల బీఎస్‌ఏ 100 మైక్రోలీటర్లు, 10 మిల్లీమోలార్ డీటీఎన్‌బీ, అంటే ఎల్మన్ రీఏజెంట్, 20 మైక్రోలీటర్లు. మొత్తం ఒక మిల్లీలీటరు. 15 నిమిషాలాగి 412 నానోమీటర్ల దగ్గర చూస్తే 0.262 వచ్చిందనుకోండి. ప్రోటీన్ లేని బ్లాంక్ 0.031, డీటీఎన్‌బీ లేని బ్లాంక్ 0.004. రెండూ తీసేస్తే 0.227. కింది లెక్కలో 14,150 అన్నది థయోల్ తగిలితే డీటీఎన్‌బీ నుంచి విడుదలయ్యే పసుపు అణువు మోలార్ ఎక్స్‌టింక్షన్ కోఎఫిషియెంట్, 66,430 బీఎస్‌ఏ అణుభారం.

```
థయోల్   = 0.227 ÷ 14,150 = 16.0 µM
ప్రోటీన్ = 20 ÷ 66,430 = 301 µM; క్యువెట్‌లో 30.1 µM
నిష్పత్తి  = 16.0 ÷ 30.1 = 0.53
```

చాలామంది జారేది రెండో వరుసలో. పైన క్యువెట్‌లోని థయోల్, కింద సీసాలోని ప్రోటీన్ పెట్టి భాగిస్తే 0.053 వస్తుంది. పదింతలు తక్కువగా వచ్చిందంటే ముందు డైల్యూషన్‌నే అనుమానించండి.

తర్వాత ఆ 20 మిల్లీగ్రాములు నిజంగా ఉన్నాయా అన్నది. పొడి తూచి కలిపితే తేమ, ఉప్పు కూడా ప్రోటీన్ ఖాతాలో పడతాయి. డీటీఎన్‌బీ తగలని ద్రావణాన్ని 40 రెట్లు పలచన చేసి 280 దగ్గర చదవండి. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము బీఎస్‌ఏ సుమారు 0.66 ఇస్తుంది. మీకు 0.297 వస్తే అసలున్నది 18 మిల్లీగ్రాములే. అప్పుడు క్యువెట్‌లో ప్రోటీన్ 27.1 మైక్రోమోలార్, జవాబు 0.59. థయోల్ రీడింగ్ ముట్టుకోకుండానే అంకె మారిపోయింది!

రీఏజెంట్‌నూ పరీక్షించాలి. అప్పటికప్పుడు కలిపిన 1 మిల్లీమోలార్ సిస్టీన్ హైడ్రోక్లోరైడ్‌ను ప్రోటీన్‌కు బదులు 20 మైక్రోలీటర్లు వేసి, మొత్తం ఒక మిల్లీలీటరుకు తెస్తే, బ్లాంక్ పోను 0.283 రావాలి. బాగా తక్కువొస్తే సిస్టీన్ గాలికి ఆక్సిడైజ్ అయిందో, డీటీఎన్‌బీ పాడైందో చూసుకోవాలి. నిన్న కలిపిన సిస్టీన్‌తో ఈ పరీక్ష చేసి లాభం లేదు.

ఇక్కడిదాకా అంతా సరిగానే ఉంటే, మిగతా థయోల్ మడతల్లో దాగిందా, మూసుకుపోయిందా అని అడుగుతారు. అదే పనిని 6 మోలార్ గ్వానిడీన్ హైడ్రోక్లోరైడ్‌లో, బ్లాంకులు కూడా అందులోనే పెట్టి చేయండి. అక్కడ 14,150కి బదులు 13,700 వాడాలి. ప్రోటీన్ విప్పుకున్నా అంకె పెరగకపోతే థయోల్ దాగిలేదు, దాన్ని ఏదో పట్టుకుని ఉంది లేదా ఆక్సిడైజ్ అయింది. కోడిగుడ్డు తెల్లసొనలోని ఓవాల్బుమిన్‌ది వేరే కథ. మడిచి ఉన్నప్పుడు దాదాపు ఏమీ చూపదు, విప్పితే నాలుగు థయోల్స్ బయటపడతాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెబితే మీకు విషయం తెలుసని వాళ్లకు అర్థమవుతుంది.

ఎదురు ప్రశ్న ఒకటి తప్పక వస్తుంది: ఒకటిన్నర వస్తే? డీటీటీ, బీటా-మెర్‌కాప్టోఇథనాల్, టీసెప్ లాంటి రిడ్యూసింగ్ ఏజెంట్లు పూర్తిగా పోలేదేమో అనండి. ఒక్కో డీటీటీ అణువు రెండు పసుపు అణువులను విడుదల చేస్తుంది. డీటీఎన్‌బీ లేని బ్లాంక్ దీన్ని పట్టుకోదు. డయాలసిస్ చివరి బఫర్‌కు డీటీఎన్‌బీ వేసి చూడాలి, అది పసుపు రంగుకు తిరిగితే దొంగ దొరికినట్టే.

యాంటీబాడీ-డ్రగ్ కాంజుగేట్ల మీద పనిచేసే చోటికి వెళ్తుంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. ఐజీజీ1లో గొలుసుల మధ్య డైసల్ఫైడ్లు నాలుగు. అవన్నీ తెగితే అణువుకు ఎనిమిది థయోల్స్ రావాలి. అక్కడ ప్రోటీన్ గాఢత లెక్కకు 66,430 కాకుండా సుమారు 1,50,000 పెట్టాలి.