కేకులో మైదా పెంచితే బేకింగ్ పౌడర్, వంట సోడా ఎంత పెంచాలి?

"గుడ్డు లేని కేకు చేస్తాను. రెసిపీలో ఒకటిన్నర కప్పుల మైదా, కప్పు పెరుగు, ఒకటింపావు టీస్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ వంట సోడా ఉన్నాయి. నా టిన్ను పెద్దది, మైదా రెండు కప్పులు చేద్దామనుకుంటున్నాను. పౌడర్, సోడా రెండూ అదే లెక్కలో పెంచేయాలా?"

రెండూ ఒకే లెక్కలో పెంచకండి. పౌడర్ మైదాని చూసి పెంచాలి, సోడా పెరుగుని చూసి పెంచాలి. ఇది నాకు మా అమ్మాయి పుట్టినరోజు కేకు పాడయ్యాక తెలిసింది.

మీరు చెప్పిన కొలతలే నావీ. ఆ రోజు జనం ఎక్కువని అన్నీ రెట్టింపు చేశాను: మూడు కప్పుల మైదా, రెండున్నర టీస్పూన్ల పౌడర్, ఒక టీస్పూన్ సోడా. తీరా చూస్తే ఇంట్లో పెరుగు ఒక్క కప్పే ఉంది. రెండో కప్పుకి బదులు పాలు పోసేశాను. పిండి జారుడుగా బాగానే ఉంది, ఓవెన్‌లో బాగానే పొంగింది కూడా. కానీ పైన మామూలు కంటే నల్లగా మాడినట్టు అయింది, కోస్తే లోపల పసుపు ఛాయ. మా అత్తయ్య ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఏంటమ్మా, సబ్బు వాసన వస్తోంది" అన్నారు. పిల్లలు క్రీమ్ తిని కేకు వదిలేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

జరిగింది ఇదీ. సోడాకి పులుపు తగిలితేనే పూర్తిగా గ్యాస్ వదిలి తన రుచి పోగొట్టుకుంటుంది. ఒక కప్పు పెరుగులో ఉండే పులుపు సుమారు అర టీస్పూన్ సోడాకే సరిపోతుంది. పాలల్లో లెక్కలోకి వచ్చేంత పులుపు ఉండదు కాబట్టి మిగతా అర టీస్పూన్ అలాగే కేకులో ఉండిపోయింది. ఆ సబ్బు రుచీ, ఆ నల్ల రంగూ దానివే. బేకింగ్ పౌడర్‌కి ఈ బాధ లేదు. అందులో సోడాతో పాటు దానికి కావలసిన పులుపు కూడా పొడిగా కలిపే ఉంటుంది. అందుకే దాన్ని మైదాని బట్టి మార్చుకోవచ్చు.

ఆ రోజు నేను సోడా అర టీస్పూన్ దగ్గరే ఆపాల్సింది. తగ్గించిన అర టీస్పూన్ సోడాకి బదులు ఒకటిన్నర టీస్పూన్ల పౌడర్ కలిపి, మొత్తం నాలుగు టీస్పూన్లు వేయాల్సింది. పొంగించడంలో సోడా పౌడర్ కంటే మూడు నాలుగు రెట్లు బలమైనది, అందుకని ఆ లెక్క. తర్వాతి నెలలో అలాగే చేసి చూశాను, సబ్బు రుచి లేదు.

ఇక మీ కేకు. పెరుగు కప్పు దగ్గరే ఉంచితే సోడా అర టీస్పూన్ దాటనివ్వకండి. పెరిగిన అర కప్పు మైదాకి అర టీస్పూన్ పౌడర్ చేర్చండి, మొత్తం ఒకటిముప్పావు అవుతుంది. పిండి గట్టిపడుతుంది కాబట్టి మూడు నాలుగు టేబుల్‌స్పూన్ల పాలు పోసుకోండి, దానికి సోడా మార్చక్కర్లేదు. పంచదార, నూనె పెంచకపోతే తీపీ మెత్తదనమూ కొంచెం తగ్గుతాయి. నా మాటైతే పెరుగు కూడా మూడో వంతు పెంచి, ఒకటింమూడో వంతు కప్పు చేయండి. అప్పుడు సోడా అర టీస్పూన్ మీద ఒక పెద్ద చిటికెడు, పౌడర్ అదే ఒకటిముప్పావు. పంచదార, నూనె కూడా మూడో వంతు పెంచితే కేకు అసలు రెసిపీలాగే వస్తుంది.

ఎక్కువ పొంగాలని పౌడర్ ఇంకా గుప్పించకండి. గ్యాస్ ఎక్కువైతే కేకు గబగబా లేచి, లోపల ఉడికేలోపే మధ్యలో కూరుకుపోతుంది, కోస్తే పెద్ద పెద్ద చిల్లులు కనిపిస్తాయి. తక్కువైతే అడుగున జిగురుగా, పిడచగా ఉంటుంది.

ఒక సంగతి మాత్రం మర్చిపోవద్దు. మన విశాఖ గాలి తేమకి, అందులోనూ వానాకాలంలో, తెరిచిన పౌడర్ డబ్బా త్వరగా బలం కోల్పోతుంది. మూత సరిగా పెట్టక గడ్డలు కట్టిన పౌడర్ నేను రెండుసార్లు పారేశాను. కేకు మొదలుపెట్టే ముందు అర టీస్పూన్ పౌడర్‌ని పావు కప్పు వేడినీళ్లలో వేయండి. బుసబుసా నురుగు వస్తే వాడుకోవచ్చు. నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే, కొలత ఎంత సరిచేసినా ఆ పౌడర్‌తో కేకు లేవదు.