నడకకూ నిద్రకూ ఏ బ్యాండ్? తమ్ముడికి ఒక ఉత్తరం

తమ్ముడికి ఆశీస్సులు.

నడకా నిద్రా లెక్కపెట్టే చేతి బ్యాండ్‌లు, వాచీలవి నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు ఫొటోలూ చూశాను. రెండు వేల దగ్గర్నుంచి ముప్ఫై వేల దాకా ఉన్నాయి. ఏది తీసుకోమంటావక్కా అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. ఈ ఆరేళ్ళలో నేను మూడు మార్చాను, మూడింటినీ ట్రాక్ మీద పరీక్ష పెట్టి చూశాను కాబట్టి చెప్పగలను.

ముందుగా ఆ నాలుగో ఫొటో తీసెయ్. రక్తం తియ్యకుండానే షుగర్ చూపిస్తుందని రాసి ఉందే, అది. చర్మానికి సూది గుచ్చకుండా తనంతట తానే షుగర్ కొలిచే వాచీ దేన్నీ తాము అనుమతించలేదనీ, అలాంటివి నమ్మొద్దనీ అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. నీకు షుగర్ ఉందని డాక్టర్ నడవమన్నారు. ఆ అంకె చూసి మాత్ర వేసుకోవడమో మానడమో చేశావంటే ప్రాణం మీదికి వస్తుంది. షుగర్‌కి నీ గ్లూకోమీటరే వాడు.

ఇక మిగిలిన మూడు. నీకు నిద్ర కూడా చూడాలని ఉంది కాబట్టి మొదట చూడాల్సింది బ్యాటరీ. రాత్రి చేతికి లేని వాచీ నిద్ర సంగతి ఏం చెబుతుంది? పెద్ద స్క్రీన్, యాప్‌లు, కాల్స్ అన్నీ ఉన్న స్మార్ట్‌వాచీలను చాలావరకు రోజుకో, రెండు రోజులకో ఛార్జింగ్ పెట్టాలి. అందరూ పెట్టేది పడుకునేముందే. నా రెండోది అలాంటిదే. నెలలో పది పన్నెండు రాత్రులు అది టేబుల్ మీదే గడిపింది. సన్నటి బ్యాండ్ అయితే వారం దాటుతుంది. డబ్బా మీద 14 రోజులని ఉంటే చాలావరకు ఆపేసి కొలిచిన లెక్క అనుకో. నాడిని ప్రతి నిమిషం చూడమని, రాత్రంతా రక్తంలోని ఆక్సిజన్ చూడమని, స్క్రీన్ ఎప్పుడూ వెలిగే ఉండమని పెట్టేసరికి నా బ్యాండ్‌కి ఆ 14 కాస్తా 5 అయింది. ఎప్పుడూ వెలిగే స్క్రీన్ ఆపేసి, ఆక్సిజన్ ఆపేసి, నాడి మాత్రం ఉంచాను. ఇప్పుడు 9 రోజులు వస్తోంది. స్నానం చేసి టిఫిన్ తినే ఆ ముప్పావు గంటలో ఛార్జింగ్ పెట్టడం అలవాటు చేసుకో, రాత్రి ఎప్పుడూ ఖాళీ కాదు.

అడుగుల సంగతి. బ్యాండ్ నీ కాళ్ళను చూడదు, చెయ్యి ఊగడాన్ని చూస్తుంది. లోపల యాక్సిలరోమీటర్ అనే చిన్న సెన్సర్ ఉంటుంది. రెండు వేల బ్యాండ్‌లోనూ, ముప్ఫై వేల వాచీలోనూ అది ఉంటుంది, అడుగుల వరకు రెంటికీ పెద్ద తేడా నాకు కనబడలేదు. నేను పరీక్షించిన పద్ధతి చెబుతాను. నడుముకి కట్టుకున్న సంచిలో రెండు అరలున్నాయి. ఒక అరలో పది చింతగింజలు వేసుకున్నాను. నోటితో వంద అడుగులు లెక్కపెట్టగానే ఒక గింజ రెండో అరలోకి. పది గింజలూ మారేసరికి వెయ్యి అడుగులు. బ్యాండ్ 968 చూపించింది. అది బాగానే కొలిచినట్టు. మర్నాడు ఆ చేత్తోనే గొడుగు పట్టుకుని అదే వెయ్యి నడిచాను. 610 చూపించింది! కూరల సంచి మోసినా, ట్రాలీ తోసినా అంతే. గతుకుల రోడ్డు మీద స్కూటర్ ఎక్కితే మాత్రం వెయ్యని అడుగులు లెక్కలోకి ఎక్కేస్తాయి. అందుకే నడకకు బయల్దేరగానే వాకింగ్ మోడ్ నొక్కి, నడక అవగానే ఆపు. రోజు మొత్తం లెక్క కంటే ఆ అరగంట లెక్కే నీకు పనికొచ్చేది.

దూరం దగ్గర మాత్రం తేడా బాగా వస్తుంది. స్టేడియంలో లోపలి లైన్ ఒక రౌండు 400 మీటర్లు. నాలుగు రౌండ్లు వేశాను, అంటే 1600 మీటర్లు. నావి 2540 అడుగులు పట్టాయి. బ్యాండ్ 1.78 కిలోమీటర్లని చూపించింది. నా ఎత్తుని బట్టి అడుగు 70 సెంటీమీటర్లని అది ఊహించుకుంది. 1600ని 2540తో భాగిస్తే నా అసలు అడుగు 63 సెంటీమీటర్లే. యాప్‌లో అడుగు పొడవు మనమే రాసుకునే వీలుంటే సరిచెయ్యి. లేకపోతే జీపీఎస్ ఉన్నది కావాలి. ఇక్కడ డబ్బా మీది మాట జాగ్రత్తగా చదువు. ‘కనెక్టెడ్ జీపీఎస్’ అంటే ఫోన్ జేబులో ఉండాలి, దారి కొలిచేది ఫోనే. ‘బిల్ట్-ఇన్’ అంటే వాచీలోనే ఉంది, ధర ఎక్కువ, నడిచేటప్పుడు బ్యాటరీ కూడా తొందరగా దిగుతుంది. నువ్వు ఎలాగూ ఫోన్ లేకుండా గడప దాటవు కాబట్టి దానికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

బ్యాండ్ వెనకాల ఆకుపచ్చగా మెరిసే లైటు నాడి కోసం. రక్తం పచ్చ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింద రక్తం పెరిగి తగ్గుతుంది, దాన్ని బట్టి లెక్క. స్ట్రాప్ వదులుగా ఉంటే నడకలో ఆ లైటు గుండెను వదిలేసి చేతి ఊపును పట్టుకుంటుంది. నిమిషానికి 112 అడుగులు వేస్తుంటే నాడి కూడా 112 దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. అలా రెండూ ఒకటేలా కనిపిస్తే ఆగి, మెడ పక్కన వేళ్ళు పెట్టి అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసి చూడు. మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, జారకుండా కట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. రాత్రి ఒక రంధ్రం వదులు చేసుకో. చెమట నిలిచి దద్దుర్లు రాకుండా స్ట్రాప్‌ని రెండు రోజులకోసారి కడిగి, బాగా ఆరాకే కట్టుకో.

నిద్ర గురించి కొంచెం ఓపిగ్గా చదువు. నిద్రలోని దశలు సరిగ్గా తెలియాలంటే ఆస్పత్రిలో తలకు తీగలు అతికించి మెదడు తరంగాలు చూస్తారు. బ్యాండ్‌కి కనిపించేది కదలిక, నాడి మాత్రమే, మిగతాది అంచనా. పోయిన నెల ఒక రాత్రి మోకాలి నొప్పితో పదకొండు నుంచి ఒంటిగంట దాకా కదలకుండా కళ్ళు తెరుచుకుని పడుకున్నాను. పొద్దున్న చూస్తే ఏడు గంటల పది నిమిషాల నిద్ర, అందులో గంటా ఇరవై నిమిషాలు గాఢ నిద్ర అంది. నిజానికి నేను నిద్రపోయింది ఐదు గంటలే. అందుకని గాఢ నిద్రకు డీప్ అనీ, కలలొచ్చే నిద్రకు రెమ్ అనీ చూపించే అంకెలు చూసి టెన్షన్ పడకు. పడుకున్న టైము, లేచిన టైము, రాత్రి విశ్రాంతిలో నాడి, ఈ మూడూ వారం వారం ఎలా మారుతున్నాయో చూడు. కొన్ని బ్యాండ్‌లు మధ్యాహ్నం కునుకుని లెక్కలోకే తీసుకోవు, అదీ అడిగి తెలుసుకో. నువ్వు గురక పెడతావనీ, పగలు కుర్చీలోనే జోగుతావనీ మరదలు చెప్పింది. యాప్‌లో నిద్ర స్కోరు 85 వచ్చిందని ఊరుకోకు, డాక్టర్‌కి చెప్పు.

కాబట్టి నీ ఫొటోల్లో రెండోది, ఆ మూడు వేల బ్యాండే తీసుకో. కొనేముందు దాని యాప్ నీ ఫోన్‌లో ఎక్కుతుందో లేదో చూసుకో, విడి స్ట్రాప్ మన దగ్గర దొరుకుతుందో కూడా కనుక్కో. వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులో చూసి, అంతలోపే చింతగింజల లెక్క ఒకసారి వేసెయ్. వెయ్యికి తొమ్మిది వందలు కూడా రాకపోతే ఏ చేతికి కట్టావో యాప్‌లో సరిగ్గా పెట్టావా అని చూసి, స్ట్రాప్ బిగించి మళ్ళీ నడువు. అప్పటికీ రాకపోతే వెనక్కి ఇచ్చెయ్. అంకెలు నాకు పంపు.

మీ అక్క