ఏసీకి ఒక రాత్రి కరెంటు ఖర్చు

మాది 1.5 టన్నుల 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ. రాత్రి 8 గంటలు వేస్తే ఎంతవుతుంది?

సుమారు 4 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలైతే 32 రూపాయలు.

టన్నులు చెప్పేది గదిలోని వేడిని బయటికి పంపే సామర్థ్యం. 1.5 టన్నులంటే దాదాపు 5,300 వాట్ల వేడి. కరెంటు అంత లాగదు. మొదట్లో 1,500 వాట్ల దాకా లాగినా, గది చల్లబడ్డాక కంప్రెసర్ వేగం తగ్గి 300-500 వాట్లకు దిగుతుంది.

స్టార్ల కన్నా లేబుల్‌పై ఉన్న వార్షిక యూనిట్లే ముఖ్యం. అవి 1,600 గంటలకు లెక్క. 800 అని ఉంటే గంటకు అర యూనిట్. మే నెల ఉక్కలో, పైకప్పు వేడెక్కిన మేడగదిలో 6 యూనిట్లు కూడా దాటొచ్చు. పడుకునేముందు, లేచాక మీటర్ రీడింగ్ చూడండి. ఫ్రిజ్, ఫ్యాన్ల వాటా తీసేయండి. ఏసీ యూనిట్లు పై స్లాబులో పడతాయి కాబట్టి ఆ రేటుతోనే గుణించండి.